చేబదులు ఎప్పుడు వడ్డీ అప్పు అవుతుంది

(రాయగడలో ఒక ఆదివారం సాయంత్రం, మన తెలుగువాళ్ల సమావేశంలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి మాట్లాడినది. రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు సరిగ్గా వినపడుతోందా? సరే.

నేను బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో ఎక్కువ భాగం ఈ రాయగడ, గుణుపురం, పార్వతీపురం వైపే. ఈ రోజు క్రెడిట్ కార్డు గురించి మాట్లాడమన్నారు. కార్డు మంచిదా చెడ్డదా అనే చర్చ నాకు వద్దు. కార్డు వాడుతున్నవాళ్లలో చాలామందికి ఒక్క విషయం తెలియడం లేదు, దానివల్ల ఇళ్లల్లో డబ్బు పోతోంది, ఆ ఒక్కటే చెప్తాను. బిల్లు మీద రెండు అంకెలు ఉంటాయి కదా, ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, రెండోది మినిమం అమౌంట్ డ్యూ. ఆ రెండోది కట్టి ఊరుకుంటే ఏమవుతుందో చెప్పడానికే వచ్చాను.

ఇదేదో పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అక్క కొడుకు కిందటి సెప్టెంబరులో ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మామయ్యా, రెండు నెలలుగా టైముకి కడుతున్నాను, ఒక్క రోజు కూడా లేటు చెయ్యలేదు, అయినా బాకీ తగ్గట్లేదు, బ్యాంకువాళ్లు తప్పు లెక్క వేసినట్టున్నారు, ఒకసారి చూడు" అన్నాడు. చూశాను. లెక్క తప్పు లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తప్పు ఉంటే ఫిర్యాదు చేసి సరిచేయించొచ్చు, కానీ రూలు ప్రకారమే అంత పడింది, ఆ రూలు వాడికి ఎవరూ చెప్పలేదు. మెసేజీలన్నీ ఇంగ్లీషులో వస్తాయి, కస్టమర్ కేర్ వాళ్లు హిందీలోనో ఒడియాలోనో గబగబా చదివేస్తారు, మనవాళ్లు సరే సరే అని ఫోను పెట్టేస్తారు.

వాడి లెక్కే మీకు చెప్తాను, వాడిని అడిగే చెప్తున్నాను. పెద్ద లెక్క కాదు, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

ముందు తేదీలు. వాడి కార్డుకి బిల్లు ప్రతి నెలా 15న తయారవుతుంది. అంటే జూన్ 16 నుంచి జులై 15 దాకా గీకినవన్నీ ఒక బిల్లులో పడతాయి. దీన్నే బిల్లింగ్ సైకిల్ అంటారు. ఆ బిల్లు కట్టడానికి ఆఖరి తేదీ ఆగస్టు 4, అంటే బిల్లు వచ్చాక ఇరవై రోజులు. బిల్లు వేశాక కనీసం రెండు వారాలు గడువు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం కూడా ఉంది. మీ కార్డుకి తేదీలు వేరేగా ఉంటాయి, కానీ పద్ధతి ఒకటే.

ఇప్పుడు చూడండి, జూన్ 16న ఏదైనా కొంటే బిల్లు జులై 15న వస్తుంది, కట్టాల్సింది ఆగస్టు 4. అంటే నలభై తొమ్మిది రోజులు వడ్డీ లేకుండా ఆ డబ్బు మీ చేతిలో ఉన్నట్టు. అదే వస్తువు జులై 15న కొంటే అదే బిల్లులో పడుతుంది, కట్టాల్సిందీ ఆగస్టు 4నే. అప్పుడు ఇరవై రోజులే. కార్డు అమ్మేవాళ్లు "యాభై రోజులు వడ్డీ లేదు సార్" అంటారు చూడండి, అది సైకిల్ మొదటి రోజున కొన్నవాటికి మాత్రమే. మీరు గీకిన ప్రతిదానికీ యాభై రోజులు అని కాదు. పెద్ద వస్తువు కొనేటప్పుడు బిల్లు తేదీ దాటాక కొంటే మంచిది అనేది అందుకే.

ఇంతవరకూ కార్డు మంచి చేబదులే. పక్కింటివాళ్ల దగ్గర పంచదార తెచ్చుకుని జీతం వచ్చాక తిరిగి ఇచ్చేస్తాం, వాళ్లు వడ్డీ అడగరు కదా, అలాంటిదే. కానీ ఈ చేబదులుకి ఒక షరతు ఉంది, బిల్లులో ఉన్న మొత్తం, టోటల్ అంటున్నానే ఆ మొత్తం, గడువులోగా కట్టాలి. మొత్తం కడితేనే చేబదులు. కొంత మిగిల్చారంటే మిగిల్చినదానికి అది వడ్డీ అప్పు అయిపోతుంది, అదీ ఎప్పటి నుంచి? ఆగస్టు 4 నుంచి అనుకుంటారు అందరూ. నేను అడిగిన ప్రతివాళ్లూ అలాగే చెప్పారు, చదువుకున్నవాళ్లు కూడా. కాదు. మీరు దుకాణంలో కార్డు గీకిన రోజు నుంచి. ఇది మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మా వాడు జూన్ 20న విశాఖపట్నం వెళ్లి ఒక ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ కొన్నాడు, రెండూ కలిపి 40,000 రూపాయలు. కొత్తగా పెళ్లయింది, కాపురం పెట్టాడు, అవసరమే, తప్పేమీ లేదు. జులై 15న బిల్లు వచ్చింది. టోటల్ 40,000, మినిమం 2,000, అంటే నూటికి అయిదు చొప్పున. ఇక్కడ ఒక చిక్కు ఉంది, వాడికి జీతం 7వ తేదీన పడుతుంది. గడువేమో 4వ తేదీ. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోతే పెనాల్టీ పడుతుందని భయపడి, ఆటో పే పెట్టేటప్పుడు అక్కడ టోటల్, మినిమం అని రెండు గళ్లు ఉంటాయి చూడండి, అందులో మినిమం దగ్గర టిక్కు పెట్టాడు. మిగతాది జీతం వచ్చాక కడదాంలే అనుకున్నాడు. 4న 2,000 కట్ అయింది, "మీ పేమెంట్ అందింది, ధన్యవాదాలు" అని మెసేజ్ వచ్చింది. ఇంకేం, పని అయిపోయింది అనుకున్నాడు. జీతం వచ్చింది, ఇంటద్దె, పాలవాడు, బండి వాయిదా, అందులో కలిసిపోయింది.

ఆగస్టు 15న రెండో బిల్లు వచ్చింది. 40,000లో 2,000 కట్టాడు కాబట్టి 38,000 ఉండాలి కదా. బిల్లులో 40,890 ఉంది.

ఎలా వచ్చిందో చెప్తాను, నిదానంగా వినండి. వాడి కార్డుకి వడ్డీ నెలకి మూడున్నర శాతం. ఏడాదికి నలభై రెండు. మిగిలిన బాకీ 38,000 మీద జూన్ 20 నుంచి ఆగస్టు 15 దాకా, యాభై ఆరు రోజులకు వడ్డీ వేశారు, 2,449 రూపాయలు. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 441. రెండూ కలిపితే 2,890. వాడి బ్యాంకు లెక్క కట్టిన ఈ పద్ధతిలో వడ్డీ తక్కువలో తక్కువ వస్తుంది. మీ కార్డు షరతుల్లో లెక్క కట్టే పద్ధతి వేరుగా ఉంటే ఇంకో వందో నూటయాభయ్యో పెరగొచ్చు కానీ తగ్గదు.

అంటే వాడు కట్టింది రెండు వేలు, వాడి మీద పడింది దాదాపు మూడు వేలు. ఆగస్టు 4న మొత్తం కట్టి ఉంటే పడేది సున్నా. ఒక్క రూపాయి కూడా పడేది కాదు. మినిమం కట్టాడు, టైముకి కట్టాడు, లేట్ ఫీజు పడలేదు, సిబిల్ కూడా పాడవలేదు, కానీ యాభై ఆరు రోజుల వడ్డీ వెనక నుంచి వచ్చి పడింది. మినిమం కట్టడం వల్ల వచ్చే లాభం అంతే, లేట్ ఫీజు ఉండదు, ఎగవేతదారు అని రాయరు. వడ్డీని అది ఆపదు.

ఇప్పుడు ఈ మూడున్నర శాతం అన్నది మన లెక్కలోకి తెచ్చుకుందాం, ఎందుకంటే శాతం అంటే మనకు చప్పగా ఉంటుంది, గుండెకి తగలదు. మన ఊళ్లల్లో వడ్డీ ఎలా చెప్తారు? నూటికి రూపాయి, నూటికి రెండు రూపాయలు అని. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే కాస్త ఎక్కువే అంటాం. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చే షావుకారు అంటే ఆ గుమ్మం తొక్కొద్దురా అని పెద్దవాళ్లు చెప్తారు. కార్డుది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద జీఎస్టీ అరవై మూడు పైసలు. మొత్తం నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఇంకో సంగతి, మీరు బ్యాంకులో మామూలు అప్పు తీసుకుంటే ఆ వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, ఇంటి లోనుకి లేదు, బంగారం లోనుకి లేదు. కార్డు వడ్డీ మీద మాత్రం ఉంటుంది. అది చాలామందికి తెలియదు. బిల్లులో ఫైనాన్స్ ఛార్జెస్ అని ఒక వరస, కింద ఐజీఎస్టీ అనో, సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ అనో ఇంకో వరస ఉంటుంది, ఈ రోజు ఇంటికెళ్లి చూడండి. ఫైనాన్స్ ఛార్జెస్ వరసలో అంకె ఉందంటే మీరు నాలుగు రూపాయల వడ్డీకి అప్పు మోస్తున్నారని అర్థం.

(సభలో నుంచి ఒకాయన: అంత వడ్డీకి ప్రభుత్వం అడ్డు చెప్పదా అండీ?)

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి ముప్పై శాతానికి మించి వడ్డీ తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని తీర్పు ఇచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాబట్టి ముప్పై దాటకూడదు అనే గీత ఇప్పుడు లేదు. వడ్డీ ఎంత అనేది కార్డు తీసుకునేటప్పుడు ఇచ్చే షరతుల కాగితంలో రాసి ఉంటుంది. చాలా కార్డులది మూడున్నర, మూడు ముప్పావు, అలా ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2022లో పెట్టిన రూల్స్‌లో ఇంకోటి ఉంది, మినిమం మాత్రమే కడుతూ పోతే బాకీ నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగుతుంది, చక్రవడ్డీ పడుతుంది అని ప్రతి బిల్లు మీదా హెచ్చరిక ఉండాలి. ఉంటుంది కూడా. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో.

సరే, మా వాడి దగ్గరికి వద్దాం. రెండో బిల్లులో మినిమం ఎంతో తెలుసా? 4,790. మొదటి నెల 2,000 కదా, రెండో నెలకి ఇంత ఎలా అయింది? మినిమం ఎప్పుడూ బాకీలో అయిదు శాతం అని చాలామంది అనుకుంటారు. వడ్డీ కంటే మినిమం తక్కువగా ఉంటే మీరు కడుతూనే ఉన్నా అప్పు పెరుగుతూ పోతుంది కదా, అలా జరగకుండా మినిమం లెక్క కట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అందుకని వాడి బ్యాంకు వడ్డీ మొత్తం, జీఎస్టీ మొత్తం మినిమంలో కలిపేసి, దాని పైన అసలులో అయిదు శాతం వేస్తోంది. 2,890 వడ్డీ, పన్ను. 38,000లో అయిదు శాతం 1,900. మొత్తం 4,790. ఇలా ఒక్కసారిగా మినిమం పెరిగేసరికి కట్టలేక చాలామంది ఇక్కడే జారిపోతారు, అప్పుడు లేట్ ఫీజు మొదలవుతుంది. మా వాడు ఎలాగో కట్టాడు, సెప్టెంబరు 4న.

సెప్టెంబరు 15 బిల్లు వచ్చింది, 37,671. ఆ రోజే మా ఇంటికి వచ్చాడు.

నేను వాడితో కాగితం మీద రాయించాను. నువ్వు కట్టింది ఎంత? 2,000 ప్లస్ 4,790, మొత్తం 6,790. బాకీ తగ్గింది ఎంత? 40,000 నుంచి 37,671కి, అంటే 2,329. మిగతా 4,461 ఎక్కడికి పోయింది? వడ్డీకి, దాని మీద పన్నుకి. వాడు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. "ఇంకో నాలుగు వేలు వేస్తే చిన్న టీవీ వచ్చేది మామయ్యా" అన్నాడు.

ఇలాగే ఏడాది పాటు, పన్నెండు నెలలు మినిమం మాత్రమే కడుతూ పోతే ఏమవుతుందో కూడా వేసి చూపించాను. అసలు నెలకి అయిదు శాతం చొప్పున తరుగుతూ వస్తుంది, పన్నెండు సార్లు కట్టాక కూడా సుమారు 21,600 మిగిలే ఉంటుంది. ఆ ఏడాదిలో వడ్డీ, జీఎస్టీ కింద పడేది సుమారు 16,000. ఒక ఏడాది అంతా క్రమశిక్షణగా కట్టి, పదహారు వేలు వడ్డీ పోసి, సగానికి పైగా అప్పు అలాగే పెట్టుకుని కూర్చున్నట్టు. అదే 40,000ని ఏడాదికి పద్నాలుగు శాతం వడ్డీకి పర్సనల్ లోను తీసుకుని ఉంటే, నెలకి 3,592 చొప్పున పన్నెండు వాయిదాల్లో అప్పు పూర్తిగా తీరిపోయేది, మొత్తం వడ్డీ సుమారు 3,100.

ఇంకా ఘోరం చెప్పనా? కొన్ని కార్డుల్లో అసలులో అయిదు శాతం కాదు, రెండు శాతమే మినిమంలో వేస్తారు. కట్టేది తక్కువ కాబట్టి మనకి హాయిగా అనిపిస్తుంది. కానీ నెలకి నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు వడ్డీ పోతుంటే, అసలు తీరేది రెండు రూపాయలు. అంటే అసలులో ఒక రూపాయి తీర్చడానికి రెండు రూపాయలకు పైగా వడ్డీ పోస్తున్నారు. అసలు సగం కావడానికే మూడేళ్ల దాకా పడుతుంది. మినిమం ఎంత తక్కువగా కనిపిస్తే అప్పు అంత ఎక్కువ కాలం మీ ఇంట్లో ఉంటుంది. మినిమం తక్కువ ఉందని కార్డు ఎంచుకునేవాళ్లని నేను చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి.

(ఒక ఆవిడ: మేము ప్రతి నెలా కిరాణా కార్డు మీదే కొంటాం. పాత బాకీకి వడ్డీ పడితే పడనీ, కొత్తగా కొన్నవాటికి ఆ యాభై రోజులు ఉంటుంది కదండీ?)

ఉండదమ్మా. అడిగినందుకు సంతోషం, ఇది నేను మర్చిపోయేవాడిని. కిందటి బిల్లులో ఏ కొంచెం బాకీ మిగిలి ఉన్నా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు పోతుంది. కొన్న రోజు నుంచే వడ్డీ. మా వాడు నయం, ఆ రెండు నెలలు కార్డు మళ్లీ ముట్టుకోలేదు. ఆగస్టు 20న 6,000 రూపాయల కిరాణా కొని ఉంటే, సెప్టెంబరు 15 బిల్లుకే దాని మీద 212 రూపాయలు పడేది, వడ్డీ, పన్ను కలిపి. ఇరవై ఆరు రోజులకి. బియ్యం, పప్పు, నూనె మీద అది. పాయింట్లు వస్తున్నాయి కదా అంటారు, ఆరు వేలకి వచ్చే పాయింట్లు ఎన్ని రూపాయలు చేస్తాయో మీరే చూసుకోండి. అందుకని బాకీ నడుస్తున్నంత కాలం ఆ కార్డు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, కిరాణాకి చేతి డబ్బు, లేదంటే ఖాతాలో నుంచి యూపీఐ. అలాగే ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి డబ్బు తీస్తే దానికి ఏ గడువూ ఎప్పుడూ ఉండదు, మీరు ప్రతి బిల్లూ మొత్తం కట్టేవాళ్లయినా సరే, తీసిన రోజు నుంచి వడ్డీ, పైగా తీసినందుకు ఫీజు. ఆస్పత్రి అవసరం అని తీసినవాళ్లు ఉన్నారు, వాళ్లని నేను ఏమీ అనను, కానీ తీశాక బిల్లు దాకా ఆగకుండా మర్నాడే అవకాశం ఉంటే మర్నాడే కట్టెయ్యండి.

ఇప్పుడు బయటపడే మార్గం. మా వాడికి ఏం చేశామో చెప్తాను.

మొదట మా అక్క గొలుసు మీద బ్యాంకులో బంగారం లోను తీసుకున్నాం. 38,000. ఇబ్బందిగానే ఉంటుంది, కొత్త కోడలి ముందు అత్తగారి గొలుసు తాకట్టు పెట్టడం, నాకు తెలుసు. కానీ దానికి నూటికి రూపాయి లోపే వడ్డీ. నెలకి 380 కంటే తక్కువ. కార్డుకి వాడు కడుతున్నది నెలకి పదిహేను వందలకు పైనే. బంగారం లేనివాళ్లు బ్యాంకుని అడిగి కార్డు బాకీని ఈఎంఐగా మార్పించుకోవచ్చు, అక్కడ కూడా వడ్డీ ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ మీద జీఎస్టీ ఉంటుంది, కానీ మామూలుగా మూడున్నర రూపాయల కంటే తక్కువే. మార్చే ముందు మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో చెప్పమని అడిగి రాసుకోండి. నెలకి ఎంత అని కాదు, మొత్తం ఎంత.

ఇంకోటి, డబ్బు చేతికి వస్తే గడువు తేదీ దాకా ఆగకండి. మనకి అలవాటు, 4వ తేదీ కదా, 3న కడదాంలే అని. మొత్తం కట్టేవాళ్లకి అది సరే. కానీ బాకీ మోస్తున్నవాళ్లకి వడ్డీ రోజు లెక్కన నడుస్తుంది. 36,000 బాకీ మీద రోజుకి వడ్డీ, పన్ను కలిపి దాదాపు 49 రూపాయలు. పది రోజులు ముందు కడితే 490 మిగులుతుంది. నెలలో రెండుసార్లు, మూడుసార్లు కట్టినా ఎవరూ వద్దనరు.

మేము 16 నుంచి లోను పని మొదలుపెడితే డబ్బు 20వ తేదీన చేతికి వచ్చింది, ఆ రోజే 37,671 కట్టేశాం. తర్వాత ఆటో పేలో మినిమం తీసేసి టోటల్ పెట్టించాను. మీలో ఆటో పే ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లగానే ఆ ఒక్కటీ చూడండి. టోటలా, మినిమమా. కార్డు ఇచ్చేటప్పుడు ఫారం నింపిన కుర్రాడు ఏది టిక్కు పెట్టాడో మీకు తెలియకపోవచ్చు.

కానీ టోటల్ పెడితే మళ్లీ 4వ తేదీ చిక్కు వస్తుంది కదా, జీతం 7న. అసలు మొత్తం గొడవకి మూలం అక్కడే ఉంది. దానికి మందు ఉంది. బిల్లింగ్ సైకిల్‌ని కనీసం ఒకసారి మార్చుకునే అవకాశం కార్డుదారుకి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. యాప్‌లోనో, కస్టమర్ కేర్‌కి ఫోను చేసో అడగొచ్చు. వాడి బిల్లు తేదీని 22కి మార్పించాం. ఇప్పుడు గడువు 12వ తేదీ దగ్గర పడుతుంది, జీతం వచ్చిన అయిదు రోజులకి. మీకు జీతం ఒకటో తేదీన వస్తే గడువు అయిదో తేదీ దగ్గర ఉండేలా, వ్యాపారం చేసేవాళ్లయితే మీకు డబ్బు ఎప్పుడు తిరుగుతుందో ఆ తర్వాత పడేలా పెట్టించుకోండి. మార్చిన నెలలో బిల్లు మామూలు కంటే చిన్నదో పెద్దదో వస్తుంది, ఆ ఒక్క నెల గడువు తేదీ మాత్రం జాగ్రత్తగా చూసుకోండి.

(వెనక నుంచి ఒక యువకుడు: గడువు దాటాక మూడు రోజులు టైము ఉంటుందంటారు కదా సార్?)

ఉంది బాబూ. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేట్ ఫీజు వెయ్యాలి, బాకీ పడ్డట్టు క్రెడిట్ బ్యూరోకి చెప్పాలి అని రూలు. కానీ అది లేట్ ఫీజుకీ, రిపోర్టుకీ చెప్పినది. వడ్డీకి కూడా మూడు రోజులు మాఫీ అని అనుకోకు. వేరే బ్యాంకు ఖాతా నుంచి కట్టేటప్పుడు ఒక్కోసారి డబ్బు కార్డులో పడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అందుకని గడువుకి మూడు రోజుల ముందే కట్టడం అలవాటు చేసుకో. మధ్యలో సెలవులు ఉన్నా అప్పుడు టెన్షన్ ఉండదు.

ఆఖరుగా ఒకటి. మొత్తం కట్టేశాక తర్వాతి బిల్లు వచ్చింది, అందులో ఆ గొడవ తాలూకు 245 రూపాయలు ఉన్నాయి. మా వాడు మళ్లీ ఫోను చేశాడు, "మామయ్యా, ఒక్క రూపాయి కూడా మిగల్చకుండా కట్టాం కదా, ఇదేంటి" అని కోపంగా. సెప్టెంబరు 15న బిల్లు వేశారు, మనం 20న కట్టాం. ఆ మధ్య అయిదు రోజులు 36,100 అసలు వాళ్ల దగ్గరే అప్పుగా ఉంది, ఆ అయిదు రోజుల వడ్డీ 208, పన్ను 37. అది పాత బిల్లులో ఉండదు, ఎందుకంటే బిల్లు వేసేటప్పటికి ఆ రోజులు ఇంకా గడవలేదు. ఇది చూసి చాలామంది కోపంతో కట్టడం మానేస్తారు, లేదా చిన్న మొత్తమే కదా అని వదిలేస్తారు. అది వదిలేస్తే బాకీ మిగిలినట్టే, వడ్డీ లేని గడువు మళ్లీ రాదు, తర్వాత కొన్న కిరాణాకి కూడా రోజు వడ్డీ నడుస్తుంది. వాడు ఆ 245 కట్టాడు. ఆ తర్వాతి నెల బిల్లులో ఫైనాన్స్ ఛార్జెస్ దగ్గర సున్నా వచ్చింది, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, నెలకి నాలుగు వేల చొప్పున కడుతున్నాడు.

ఎవరైనా బిల్లులు తెచ్చి ఉంటే ఇటు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.